ఆఫర్ తర్వాత డాక్యుమెంట్ల మెయిల్: రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు, ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. శుక్రవారంలోగా సర్టిఫికెట్లు మెయిల్ చేయమన్నారు. టెన్త్ మెమో, ఉస్మానియా ప్రొవిజనల్, పాన్, పే స్లిప్పులు విడివిడి పీడీఎఫ్‌లు చేసి, వాళ్లు అడిగిన వరసలోనే `01_SSC_Memo.pdf` అన్నట్టు నంబర్లతో పేర్లు పెట్టాను. సబ్జెక్టులో నా పేరు, ఆఫర్ నంబరు, ‘జాయినింగ్ డాక్యుమెంట్లు’ అని రాస్తున్నాను.

చిక్కల్లా రిలీవింగ్ లెటర్ దగ్గరే. నేనింకా నోటీసు పీరియడ్‌లో ఉన్నాను, ఆఖరి రోజు అయ్యాకే ఇస్తారట. ఆ నంబరు ఖాళీగా వదిలితే మర్చిపోయాననుకుంటారేమో. అందుకే రాజీనామా అంగీకరించిన మెయిల్‌ను అక్కడ జతచేసి, లిస్టులో ‘రిలీవింగ్ లెటర్ ఫలానా తేదీకి పంపుతాను’ అని రాద్దామనుకుంటున్నాను.

హెచ్‌ఆర్‌లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి, ఇది సరిపోతుందా? తర్వాత లెటర్‌ను ఇదే మెయిల్‌కు రిప్లైగా పంపాలా, కొత్త సబ్జెక్టుతోనా?