శాఖకు పంపిన సరుకు 5 కోట్ల లెక్కలోకి వస్తుందా?

బెజవాడ ఎలక్ట్రికల్స్: మాకు విజయవాడలో దుకాణం, హైదరాబాదులో శాఖ ఉన్నాయి. పాన్ ఒకటే, జీఎస్టీ నంబర్లు రెండు. 2024-25లో బయటివారికి అమ్మినది విజయవాడలో 4.10 కోట్లు, హైదరాబాదులో 75 లక్షలు. ఇవి కాక శాఖకు 60 లక్షల సరుకు పంపాము. టర్నోవరు 5 కోట్లు దాటినవారు బిల్లులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలనే ఈ-ఇన్‌వాయిస్ మాకు తప్పనిసరా? బండిలో ఏయే కాగితాలు ఉండాలి?

కృష్ణాతీరం: తప్పనిసరి కాదు. మీ సరుకు మీ శాఖకే వెళ్ళినప్పుడు అది అమ్మకం ఎలా అవుతుంది? అమ్మకాలు 4.85 కోట్లే కాబట్టి, నిశ్చింతగా ఉండండి. ఇక 50 వేల లోపు సరుకైతే బండిలో కాగితమే అక్కరలేదు.

పద్దుల పంతులు: కృష్ణాతీరం గారు చెప్పిన రెండు మాటలూ ప్రమాదకరమైనవే. రెండు రాష్ట్రాల జీఎస్టీ నంబర్లను చట్టం వేర్వేరు వ్యక్తులుగా చూస్తుంది. అందుకే కదా శాఖకు పంపేటప్పుడు ఐజీఎస్టీ వేసి ఇన్‌వాయిస్ ఇస్తున్నారు! మొత్తం టర్నోవరును పాన్ మీద లెక్కించేటప్పుడు ఆ 60 లక్షలూ కలుస్తాయి, పన్ను మాత్రం కలవదు. అంటే మీది 5.45 కోట్లు. 2017-18 నుంచి ఏ ఒక్క సంవత్సరంలో 5 కోట్లు దాటినా ఆ మరుసటి ఏప్రిల్ 1 నుంచి బాధ్యత మొదలవుతుంది కనుక, 2025 ఏప్రిల్ 1 నుంచే రిజిస్టరైన వ్యాపారులకు ఇచ్చే ప్రతి ఇన్‌వాయిస్‌కూ, శాఖకు ఇచ్చేదానికి కూడా, పోర్టల్ ఇచ్చే నమోదు నంబరు ఐఆర్ఎన్ తీసుకోవాలి. చిల్లర కొనుగోలుదారులకు ఇచ్చే బిల్లులకు అది అక్కరలేదు.

50 వేల పరిమితి సరుకు కదలకముందు ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం ఈ-వే బిల్లుకే గాని ఇన్‌వాయిస్‌కు కాదు. బండిలో ఎంత తక్కువ విలువ సరుకున్నా ఇన్‌వాయిస్ గాని, అమ్మకం కాని సందర్భంలో డెలివరీ చలానా గాని ఉండవలసిందే. పైగా ఆ 50 వేలలో పన్ను కూడా ఉంటుంది. 43,000 రూపాయల వైర్లకు 18 శాతం చొప్పున 7,740 కలిపితే 50,740 అవుతుంది. సరుకు 43 వేలేనని ఈ-వే బిల్లు లేకుండా పంపి పట్టుబడితే, యజమాని ముందుకు వచ్చినా పన్నుకు రెట్టింపు, అంటే 15,480, కట్టి విడిపించుకోవాలి.

లారీ ఆఫీసు: కాగితాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నిరుడు మా బండి దారిలో చెడిపోతే సరుకును వేరే వ్యానులోకి మార్చాము. ఈ-వే బిల్లు పార్ట్-బిలో పాత బండి నంబరే ఉండిపోవడంతో వ్యానును ఆపేశారు. పార్టీ మాత్రం తప్పంతా మాదేనని కిరాయి ఎగ్గొట్టింది.

పద్దుల పంతులు: బండి మారిన వెంటనే, అది కదలకముందే, పార్ట్-బి మార్చాలి. నంబరులో ఒకటి రెండు అంకెలు పొరపాటుగా పడితే మొత్తం వెయ్యి రూపాయల జరిమానాతో వదలమని 2018 సెప్టెంబరు 14 నాటి సర్క్యులరు చెబుతోంది గాని, బండే వేరైతే ఆ వెసులుబాటు వర్తించదు. ఐఆర్ఎన్ ఉన్న ఇన్‌వాయిస్‌కైతే ఫోనులో క్యూఆర్ కోడు చూపినా చాలు. అయినా డ్రైవరు ఫోను ఛార్జింగు మీద ఆధారపడకుండా ఒక ప్రతి చేతికివ్వండి.

కృష్ణాతీరం: మీరు సర్క్యులర్లు వల్లిస్తున్నారు, మేము దుకాణం నడుపుతున్నాము. ఒకసారి 5 కోట్లు దాటితే, రేపు వ్యాపారం 3 కోట్లకు పడిపోయినా ఈ భారం దిగదు. శాఖ ఉన్న పాపానికి ఒకే సరుకును రెండుసార్లు లెక్కించడం న్యాయమా? నేను అడుగుతున్నది అదీ!

పద్దుల పంతులు: న్యాయమా అంటే కాదనే నేనూ అంటాను. కాని మీరు మొదట చెప్పినది అది కాదు, చట్టం వర్తించదన్నారు.

గుంటూరు కొనుగోలుదారు: ఆ భారం మా మీద పడుతోంది. ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వవలసిన సరఫరాదారు మామూలు బిల్లు ఇస్తే చట్టం దాన్ని ఇన్‌వాయిస్‌గానే చూడదు. అలాంటి బిల్లులో కట్టిన పన్నును నా పన్నులో తగ్గించుకుంటూ తీసుకున్న క్రెడిట్‌కు నాకు నోటీసు వచ్చింది. అప్పటినుంచి ఐఆర్ఎన్ లేనిదే డబ్బు కట్టడం లేదు.

బెజవాడ ఎలక్ట్రికల్స్: ఏప్రిల్ నుంచి మామూలు బిల్లులే ఇచ్చాము. ఇప్పుడేం చేయాలి?

పద్దుల పంతులు: 30 రోజుల గడువు 10 కోట్లు, ఆపైన ఉన్నవారికే కాబట్టి పాత తేదీల బిల్లులను పోర్టల్ ఇప్పటికీ తీసుకుంటుంది. ఐఆర్ఎన్‌లు తీసుకుని కొనుగోలుదారులకు కొత్త ప్రతులు పంపండి. దానితో జరిమానా భయం పూర్తిగా తొలగదు గాని, వారి క్రెడిట్‌కు ఆధారం మిగులుతుంది.

లారీ ఆఫీసు: ఒకే పార్టీకి ఒకే బండిలో 40 వేలవి రెండు బిల్లులుగా కొడితే ఈ-వే బిల్లు వేయాలా? మాకు రోజూ ఇదే తగవు.

కృష్ణాతీరం: అక్కరలేదు. ఏ బిల్లుకు ఆ బిల్లే.

పద్దుల పంతులు: పరిమితి ఒక్కో కన్‌సైన్‌మెంటుకే అన్నది నిజం. కాని ఒకే రోజు, ఒకే పార్టీకి, వరుస నంబర్లతో వెళితే కావాలని విడగొట్టారని అధికారి అనవచ్చు. నేనైతే వేయిస్తాను.

కృష్ణాతీరం: నేను వేయను.