అప్‌డేట్: వార్షిక ద్రవ్యోల్బణంలో d ఎందుకు ఉబ్బింది

నా ప్రశ్న: “144 నెలల వార్షిక ద్రవ్యోల్బణంపై లాగ్ పీరియాడోగ్రామ్ రిగ్రెషన్ చేస్తే d 1 దాటుతోంది. దీర్ఘస్మృతి నిజంగా ఇంత బలమైనదా?”

తిరుపతిలో మాకు సాంఖ్యకశాస్త్రం చెప్పే మేడమ్ గుట్టు విప్పారు. వార్షిక రేటంటే దాదాపు పన్నెండు నెలవారీ మార్పుల మొత్తం. ఆ కూడిక 1/12 పౌనఃపున్యం దగ్గర పీరియాడోగ్రామ్‌ను సున్నా దగ్గరికి పడదోస్తుంది. అందరూ వాడే m = √144 = 12 తీసుకుంటే చివరి బిందువు సరిగ్గా అక్కడే, 12/144 వద్ద పడుతుంది! దాంతో వాలు నిటారుగా మారి d ఉబ్బుతుంది.

mను 6కు తగ్గించగానే d దిగింది. అయితే π/√(24m) ప్రకారం ప్రామాణిక దోషం సుమారు 0.26, అంత వెడల్పుతో ఏమీ తేల్చలేం. అందుకే ఋతు ప్రభావం తీసేసిన నెలవారీ మార్పులతో మళ్లీ అంచనా వేశాను; ఋతు ప్రభావం తీసేయడం కూడా 1/12 దగ్గర పీరియాడోగ్రామ్‌ను పడదోస్తుంది కాబట్టి ఆ బిందువును వదిలి m = 11 తీసుకున్నాను. d ఈసారి 0.5 లోపే నిలిచింది. స్మృతి ఉంది, కానీ యూనిట్ రూట్ అనడానికి ఆధారం లేదు.