బొమ్మ గుర్తుంటోంది, అర్థం రావడం లేదు. ఏం చేయాలి?

రేపటిపరీక్ష: మూడు గంటలుగా కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. కొత్త పదాన్ని తెలిసిన మాటతో కలిపి బొమ్మ ఊహించుకుంటే మర్చిపోమని చెబితే 40 ఇంగ్లీషు పదాలకి అలాగే చేశాను. ఉదాహరణకి ‘మిటిగేట్’. వినగానే ‘మట్టి గేటు’ తట్టింది. కొండంత మట్టి గేటు, దానికి బంగారు గొళ్లెం, పైన నెమళ్లు. ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అర్థం మాత్రం ఒక్క ముక్క రావడం లేదు. మిగతావీ ఇంతే. నా జ్ఞాపకశక్తిలోనే లోపమా?

చింతాకు: మిటిగేట్ అంటే తగ్గించడం. ఆ బొమ్మలో ‘తగ్గించడం’ ఎక్కడుంది?

వేరుమూలం: అసలు ఈ దారే తప్పండి. మిటిగేట్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ‘మీటిస్’ అంటే మెత్తనిది, సౌమ్యమైనది. మెత్తబరచడం కాబట్టే తీవ్రత తగ్గించడం అయింది. మట్టికీ గేటుకీ ఆ పదంతో ఏ చుట్టరికమూ లేదు. దీనికి నెమానిక్ అని పేరు పెట్టినా బట్టీ బట్టీయే.

నెమలీక: నాకైతే మనుషుల పేర్లే గుర్తుండవు. ఇంట్లో ఒక్కో గదిలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుంటాను, దాన్ని మెమరీ ప్యాలెస్ అంటారు. మీరూ చేసి చూడండి. ఇక మిటిగేట్‌కి ‘మెట్టు దిగే’ ఇంకా బాగుంటుంది కదా? కోపంతో ఎర్రబడ్డ మనిషి మెట్టు దిగేకొద్దీ చల్లబడుతున్నాడు!

పాతపలక: మెమరీ ప్యాలెస్ వరసను గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. ఇక్కడ కావలసింది వరస కాదు, ఒక్కో పదానికి దాని అర్థం. మీరు చేసినట్టు తెలిసిన మాటతో బొమ్మ కట్టడాన్ని కీవర్డ్ పద్ధతి అంటారు, ఆ తెలిసిన మాటే కీవర్డ్. ‘మెట్టు దిగే’ శబ్దం చక్కగా కుదిరింది కానీ ఒక చిక్కుంది. మిటిగేట్ అంటే దిగడం కాదు, దించడం. ఆ బొమ్మతో నేర్చుకుంటే రేపు వాక్యంలో తప్పుగా వాడతారు.

రేపటిపరీక్ష గారూ, లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు. చింతాకు గారు అడిగిందే అసలు విషయం. గొళ్లెం, నెమళ్లు తీసేయండి, మట్టి గేటు ఉంచండి. దానికొక పని ఇవ్వండి. వరద హోరుమంటూ వచ్చి గేటుకి కొట్టుకుంది, ఇవతలికి మోకాలి లోతు నీళ్లే వచ్చాయి. గేటు వరద తీవ్రతను తగ్గించింది. బొమ్మ వింతగా ఉండడం కన్నా కీవర్డూ అర్థమూ ఒకదాన్నొకటి తాకడం ముఖ్యం. మిగతా బొమ్మల్ని కూడా ఇలాగే చూసుకోండి: బొమ్మని వేరేవాళ్లకి వర్ణించి చెబితే వాళ్లు అర్థం ఊహించగలగాలి. అది కుదరకపోతే బొమ్మ మార్చాలి.

వేరుమూలం గారూ, ఇది వట్టి బట్టీ కాదు. 1975లో అట్కిన్‌సన్, రా అనే ఇద్దరు 120 రష్యన్ పదాల్ని రోజుకి 40 చొప్పున 3 రోజులు నేర్పి చూశారు. కీవర్డ్ వాడినవాళ్లు 72 శాతం పదాలకి అర్థం రాశారు, వాడనివాళ్లు 46. ఆరు వారాల తర్వాత మాత్రం అవి 43, 28కి పడిపోయాయి. అంటే బొమ్మ వేసుకున్నా మధ్యమధ్యలో పుస్తకం మూసి గుర్తుచేసుకోవాల్సిందే.

వేరుమూలం: 43కి పడిపోయిందంటే నా మాటే నెగ్గినట్టు. మూలం తెలిస్తే మరుపుండదు.

చింతాకు: 28 కన్నా 43 ఎక్కువే.

రేపటిపరీక్ష: వరద బొమ్మ పనిచేసింది! కానీ పరీక్షలో అర్థం ఇస్తారు, పదం మనం రాయాలి, స్పెల్లింగ్‌తో సహా. ఇది చెప్పలేదు కదూ?

పాతపలక: చెప్పలేదండీ, అదే పెద్ద తేడా. ఈ పద్ధతి పదం చూసి అర్థం చెప్పడానికి బాగా పనికొస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు వరద, గేటు దాకా వచ్చి ఆగిపోతారు. చేతికి అందేది ‘మట్టి గేటు’, మిటిగేట్ కాదు. అందుకని ‘తగ్గించు’ అని ఒక కాగితం మీద రాసుకుని, పదం చూడకుండా రాయండి. చివరి నాలుగక్షరాలు గేటు స్పెల్లింగే. ముందున్న ‘మిటి’లో రెండు చోట్లా ‘ఐ’ అక్షరం వస్తుంది, ‘ఏ’ కాదు. మీ కీవర్డ్ మిమ్మల్ని తప్పుదారి పట్టించేది సరిగ్గా అక్కడే. పావుగంట ఆగి మళ్లీ రాయండి, పడుకునేముందు ఇంకోసారి. నలభైకీ కాదు, తప్పినవాటికే.

రేపటిపరీక్ష: ‘యుబిక్విటస్’కి మాత్రం ఏ తెలుగు మాటా తట్టడం లేదు.

వేరుమూలం: లాటిన్‌లో ‘ఉబీక్వే’ అంటే అంతటా. అంతే, ఇంక బొమ్మెందుకు?

పాతపలక: దీనికి నేనూ మూలమే వాడతాను. బలవంతంగా కుదిర్చిన కీవర్డ్ అక్కరకు రాదు. మూలాలు వెతకడానికి ఈ రాత్రి టైమ్ చాలుతుందా అన్నదే...

నెమలీక: మరి మనుషుల పేర్లకి?

రేపటిపరీక్ష: 11 బొమ్మలు మార్చాను, రాస్తున్నాను. థ్యాంక్సండీ.