వీపీఎన్ సర్టిఫికెట్ ఒప్పుకోవట్లేదు: డేట్ చెక్ తీసేయాలా, గడియారం సరిచేయాలా?

మూలన_ల్యాప్‌టాప్: విండోస్ ల్యాప్‌టాప్ చాలా నెలలు వాడలేదు, ఇవాళ ఆన్ చేస్తే టైమ్ 2019 చూపిస్తోంది. ఓపెన్‌వీపీఎన్ కనెక్ట్ అవ్వట్లేదు. అదే ప్రొఫైల్ ఫోన్‌లో బాగానే ఉంది. కిల్ స్విచ్ ఆన్‌లో ఉంది. గడియారానికీ సర్టిఫికెట్‌కీ ఏంటి సంబంధం, ఆ డేట్ చెక్ ఆఫ్ చేసేస్తే పోదా?

```
VERIFY ERROR: depth=1, error=certificate is not yet valid: CN=vpn-ca
```

త్వరగా_చెప్తా: టైమ్‌జోన్ తప్పుంటుంది బ్రో, అది మార్చు చాలు. నాకూ ఒకసారి అలాగే అయింది, మార్చగానే కనెక్ట్ అయింది.

లాగ్_చదువరి: టైమ్‌జోన్ తప్పైతే గంటల తేడా వస్తుందండి, ఇక్కడ ఏళ్ల తేడా ఉంది. ఆ లైన్ ఏం చెప్తోందో చూద్దాం. ప్రతి సర్టిఫికెట్‌లో రెండు తేదీలు రాసి ఉంటాయి, ఎప్పటినుంచి చెల్లుతుంది, ఎప్పటిదాకా చెల్లుతుంది అని. క్లయింట్ సర్వర్‌ని నమ్మే ముందు ఆ రెంటి మధ్యలో ఇప్పుడు ఉన్నామా అని చూస్తుంది, ఆ "ఇప్పుడు" అనేది నీ ల్యాప్‌టాప్ గడియారం నుంచే తీసుకుంటుంది, సర్వర్‌ని అడగదు, అడిగితే ఆ సర్వర్ అసలుదో కాదో ఇంకా తేలనే లేదు కదా. depth=1 అంటే సర్వర్ సర్టిఫికెట్ కూడా కాదు, దాని మీద సంతకం పెట్టిన సీఏ సర్టిఫికెట్. అది ఎప్పుడు పుట్టిందో ఇలా చూడు:

```
certutil -dump ca.crt
```

ca.crt విడిగా లేకపోతే ప్రొఫైల్ ఫైల్‌లో `<ca>` కీ `</ca>` కీ మధ్య ఉన్నది కాపీ చేసి ఆ పేరుతో సేవ్ చేసుకో. NotBefore దగ్గర ఏం ఉంది?

మూలన_ల్యాప్‌టాప్: 2023 మార్చి 14. NotAfter 2033.

లాగ్_చదువరి: అదీ సంగతి. నీ ల్యాప్‌టాప్ ఇంకా 2019లో ఉంది, దాని దృష్టిలో ఆ సీఏ ఇంకా పుట్టనే లేదు. కీ సరైనదే, సంతకం సరైనదే, ఫైల్ ఏమీ చెడిపోలేదు, అందుకే ఫోన్‌లో పనిచేస్తోంది. ప్రొఫైల్ మళ్లీ డౌన్‌లోడ్ చేసినా, క్లయింట్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఇదే ఎర్రర్ వస్తుంది, ఆ పని పెట్టుకోకు.

పాత_కీలు: నాకూ సేమ్ ప్రాబ్లం, నాది certificate has expired అని వస్తోంది. గడియారం ఒక సంవత్సరం వెనక్కి తిప్పితే అవుతుందన్నారు, తిప్పా, అయినా అవ్వలేదు. పైగా బ్రౌజర్‌లో సైట్లు కూడా ఓపెన్ అవ్వడం మానేశాయి.

లాగ్_చదువరి: మీది వేరే కేసు అండి. మీ గడియారం ముందు నుంచీ కరెక్టే అయితే ఆ సర్టిఫికెట్ నిజంగానే గడువు దాటింది. తిప్పినా ఎందుకు అవ్వలేదంటే బహుశా గడువైపోయింది మీ సర్టిఫికెట్, సర్వర్‌ది కాదు. మీదాన్ని చూసేది సర్వర్, అది తన గడియారంతో చూస్తుంది, మీరు మీ వైపు ఎంత తిప్పినా దానికి తెలీదు. ఆ ఎర్రర్ మీ లాగ్‌లో పడిందా, సర్వర్ లాగ్‌లో పడి అడ్మిన్ మీకు పంపారా చూడండి. ఏ వైపు లాగ్‌లో VERIFY ERROR పడితే ఆ వైపు అవతలి వాళ్ల సర్టిఫికెట్‌ని కాదంటోందని అర్థం. టైమ్ వెంటనే సరిచేసేయండి, కొత్త సర్టిఫికెట్ అడగండి.

మూలన_ల్యాప్‌టాప్: సరే, మరి నా టైమ్ దానంతటది ఎందుకు సరికాలేదు? ఇంటర్నెట్ టైమ్ ఆన్‌లోనే ఉంది.

గోడ_కట్టేవాడు: కిల్ స్విచ్ వల్ల. టన్నెల్ లేకపోతే వీపీఎన్ సర్వర్‌కి తప్ప బయటికి ఏ ప్యాకెట్టూ పోనివ్వదు, టైమ్ అడిగే ఎన్‌టీపీ కూడా యూడీపీ పోర్ట్ 123 మీద బయటికే పోవాలి. టన్నెల్ రావాలంటే టైమ్ కావాలి, టైమ్ రావాలంటే టన్నెల్ కావాలి, రెండూ ఒకదానికోసం ఒకటి కూర్చున్నాయి.

త్వరగా_చెప్తా: అయితే కిల్ స్విచ్ ఒక నిమిషం తీసేసి w32tm /resync కొట్టు, అయిపోతుంది.

లాగ్_చదువరి: ఏళ్ల తేడా ఉంటే అదీ అవ్వదు. డొమైన్‌లో లేని విండోస్ మెషీన్‌లో డిఫాల్ట్‌గా 15 గంటలకన్నా ఎక్కువ తేడాని ఆ సర్వీస్ దిద్దదు, required time change was too big అని ఆగిపోతుంది. కిల్ స్విచ్ ముట్టుకోకుండానే చెయ్యొచ్చు. ఫోన్‌లో టైమ్ చూసి, ముందు టైమ్‌జోన్ సరిగా ఉందో లేదో చూసుకుని, పవర్‌షెల్ అడ్మిన్‌గా తెరిచి చేత్తో పెట్టు, తేదీ నీ ఫోన్‌లో ఉన్నదే వెయ్యి:

```
Set-Date "2025-06-10 14:40"
(Get-Date).ToUniversalTime()
```

రెండో లైన్ చూపించేదే అసలు లెక్క, ఎందుకంటే సర్టిఫికెట్ తేదీలు యూటీసీలో ఉంటాయి. ఇందాక టైమ్‌జోన్ అన్నది ఇక్కడ పనికొస్తుంది. జోన్ తప్పుగా ఉండి, మూలన కనిపించే అంకెలు మాత్రం ఫోన్‌తో కలిసేలా చేత్తో తిప్పేస్తే చూడ్డానికి టైమ్ కరెక్టే, లోపల యూటీసీ కొన్ని గంటలు ముందుకో వెనక్కో పోతుంది. పదేళ్ల సర్టిఫికెట్‌కి అది తగలదు, కానీ వెనక్కి పోయి ఉంటే, ఇవాళ పొద్దున్నే రెన్యూ చేసిన సర్టిఫికెట్‌ని సాయంత్రం దాకా not yet valid అంటుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే కనెక్ట్ అయిపోతుంది, అందరూ సర్వర్‌ని అనుమానిస్తారు. నిమిషాల తేడా ఉన్నా ఇప్పుడు నీకు పర్లేదు, కనెక్ట్ అయ్యాక resync కొడితే టన్నెల్ లోంచి సరైపోతుంది.

మూలన_ల్యాప్‌టాప్: అయింది!! మొదటిసారే కనెక్ట్ అయింది. resync కూడా ఓకే అంది.

లాగ్_చదువరి: ఇప్పుడు షట్‌డౌన్ చేసి చార్జర్ తీసి, మెయిన్ బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి కొన్ని గంటలు ఉంచి ఆన్ చెయ్యి. మళ్లీ 2019కి పోతే బోర్డు మీద గడియారాన్ని నడిపే చిన్న సెల్ అయిపోయినట్టు. చాలా బోర్డుల్లో CR2032 ఉంటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో వైరుతో వేరే రకం ఉంటుంది, కొన్నిట్లో అసలు విడిగా ఉండదు, తెరిచి చూశాకే కొనుక్కో.

సింపుల్_సెటప్: ఇంత గొడవ ఎందుకండీ, వైర్‌గార్డ్‌కి మారిపోతే సరి, అందులో సర్టిఫికెట్లే లేవు, గడియారంతో పనే లేదు.

గోడ_కట్టేవాడు: సర్టిఫికెట్లు లేవు, నిజమే. గడియారంతో పని ఉంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో క్లయింట్ తన టైమ్ పంపుతుంది, పాత ప్యాకెట్‌ని ఎవరైనా పట్టుకుని మళ్లీ పంపితే ఆపడానికి, అంతకుముందు ఆ కీ నుంచి వచ్చిన టైమ్‌కన్నా ఇది పెద్దదా అని సర్వర్ చూస్తుంది. నిన్న కరెక్ట్ టైమ్‌తో కనెక్ట్ అయి ఇవాళ 2019తో వస్తే సర్వర్ ఏమీ బదులివ్వదు, ఎర్రర్ లైన్ కూడా రాదు, హ్యాండ్‌షేక్ అలా తిరుగుతూనే ఉంటుంది. కాకపోతే ఆ టైమ్ నిజమైనది కానక్కర్లేదు, వెనక్కి పోకుండా ఉంటే చాలు.

సింపుల్_సెటప్: ఓ, ఇది తెలీదు. అయినా ఓపెన్‌వీపీఎన్‌లో డేట్ తప్పైతే హెచ్చరించి వదిలేయొచ్చుగా? కీ, సంతకం కలుస్తున్నాయి కదా.

లాగ్_చదువరి: కలుస్తాయి, దొంగిలించిన కీతో కూడా కలుస్తాయి. గడువు ఉన్నదే అందుకు, పాత సర్వర్ కీ ఎవరి చేతికైనా చిక్కితే ఏదో ఒక రోజు దాని పని ఆగాలి. హెచ్చరికని చదవకుండా ఓకే నొక్కడం నేను రోజూ చూస్తున్నా.

గోడ_కట్టేవాడు: అందుకే నేను డేట్ చెక్ ముట్టుకోను, కిల్ స్విచ్‌లోనే 123కి దారి వదులుతా. అదీ ఒకటి రెండు ఐపీలకే. పేరు పెడితే డీఎన్ఎస్ కూడా మూసి ఉంటుంది కాబట్టి పేరు దొరకదు.

లాగ్_చదువరి: ఇక్కడ నేను ఒప్పుకోను. మామూలు ఎన్‌టీపీలో జవాబు ఎవరిచ్చారో తేల్చే పద్ధతి లేదు. నువ్వున్న వైఫైని నడిపేవాడు ఆ ఐపీ పేరుతో పాత తేదీ ఇస్తే, గడువైపోయిన సర్టిఫికెట్ నీ మెషీన్‌లో మళ్లీ చెల్లుతుంది. ఇందాక అన్న దొంగిలించిన కీ కూడా.

గోడ_కట్టేవాడు: అందుకే జవాబు ఎవరిచ్చారో తేల్చే ఎన్‌టీఎస్ వచ్చిందిగా, 2020లో ఆర్ఎఫ్‌సీ 8915.

లాగ్_చదువరి: అది టీఎల్ఎస్ మీదే మొదలవుతుంది, దానికీ సర్టిఫికెట్ తేదీ చూడాలి, మళ్లీ మొదటికే వచ్చాం. లినక్స్‌లో టైమ్ సరిచేసే క్రోనీకి nocerttimecheck అని ఆప్షన్ ఉంది, మొదటి కొన్నిసార్లు ఆ తేదీ చూడొద్దని చెప్పడానికి. అంటే వాళ్లు కూడా ఎక్కడో ఒకచోట చెక్ వదలక తప్పలేదు.

గోడ_కట్టేవాడు: మనిషి ముందు కూర్చుని ఉంటే చేత్తో పెట్టడమే మంచిది, అది ఒప్పుకుంటా. నాకున్నవి ఎవరూ లేని గదుల్లో, గడియారం సెల్ కూడా లేని చిన్న బోర్డులు, కరెంటు పోయి వస్తే చేత్తో పెట్టేవాళ్లు ఎవరు? వాటికి మాత్రం 123 తెరిచే ఉంచుతా.

మూలన_ల్యాప్‌టాప్: రాత్రంతా చార్జర్ లేకుండా ఉంచి ఇప్పుడే ఆన్ చేశా, మళ్లీ 2019. వెనక మూత తెరుస్తున్నా.