ఒకే కడుపున పుట్టినా ఛాయలో ఇంత తేడా ఎందుకు?

తొలకరి: అమ్మానాన్నలిద్దరిదీ చామనఛాయే. అక్కది పసిమి ఛాయ, నేను బాగా నలుపు. ఒకే కడుపున పుట్టి ఇంత తేడా ఎలా?

పాలపిట్ట: ఇందులో చర్చకేముంది? సగం అమ్మది, సగం నాన్నది వస్తుంది. రెండూ కలిస్తే మధ్యరంగే రావాలి. మీరు ఎండలో తిరుగుతారు, అక్క తిరగదు. అంతే.

సూక్ష్మదర్శిని: సగం సగం అన్నది నిజమే. కలిసిపోతాయి అన్నదే తప్పు. పాలల్లో డికాషన్ కలిసినట్టు కలిసిపోతే తోబుట్టువులందరిదీ ఒకే రంగు అయ్యేది. జన్యువులు చీట్లలా విడిగానే ఉంటాయి. ప్రతి జన్యువుకూ అమ్మ దగ్గర రెండు చీట్లు, నాన్న దగ్గర రెండు. బిడ్డకి ఒక్కొక్కరి నుంచి ఒక్కటే వస్తుంది. ఏది వస్తుందన్నది లాటరీయే.

రంగు తేల్చే జన్యువులు ఇంకా ఎక్కువే ఉన్నా, లెక్క కోసం మూడే అనుకుందాం, మూడింటి బలమూ సమానమే అనుకుందాం. మూడింటిలోనూ అమ్మకి ఒక లేత చీటీ, ఒక ముదురు చీటీ, నాన్నకీ అంతే. బిడ్డకి వచ్చేవి ఆరు. మూడు లేతవి, మూడు ముదురువి పడే అవకాశం 64లో 20. ఆరూ లేతవే పడేది 64లో ఒక్కసారి. ఇలాంటి తల్లిదండ్రుల ఇద్దరు పిల్లల మధ్య మూడు చీట్లో, అంతకన్నా ఎక్కువో తేడా రావడం సుమారు ఏడు జంటల్లో ఒక జంటకి జరుగుతుంది. మీ అక్కకి ఐదు లేతవి, మీకు రెండే వచ్చి ఉండొచ్చు.

గడపలో_ముగ్గు: మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు అత్తయ్య రోజూ కుంకుమపువ్వు పాలు తాగించారు. ఎర్రగా పుట్టాడు, కొన్ని నెలలకే రంగు తిరిగింది. పాలు ఆపేసినందుకా?

సూక్ష్మదర్శిని: కాదండీ. పుట్టేసరికి ఒంట్లో మెలనిన్ పూర్తిగా తయారవదు, తర్వాత నెలల్లో పెరుగుతుంది. అప్పుడు బయటపడేది బాబు అసలు రంగే. చీట్లు కడుపున పడ్డనాడే తేలిపోయాయి, పాలు వాటిని మార్చలేవు.

పాలపిట్ట: మూడు జన్యువులన్నది మీ ఊహ. మన వాళ్లలో ఎవరైనా కొలిచారా?

సూక్ష్మదర్శిని: కొలిచారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం 2013లో ఫలితాలు ప్రచురించింది. దక్షిణాదిన పన్నెండు వందల మందికి పైగా చర్మం రంగును పరికరంతో కొలిచారు. ఆ రంగు తేడాల్లో 27 శాతం ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే ఒక్క జన్యువులోని ఒక్క అక్షరం మార్పుతోనే ముడిపడి ఉంది. అంటే చీట్లన్నిటి బలమూ సమానం కాదు. ఈ ఒక్క పెద్ద చీటీ దగ్గర అక్కాచెల్లెళ్లు విడిపోయినా తేడా కంటికి తెలిసిపోతుంది. మిగతా భాగంలో చిన్న జన్యువులెన్నో ఉంటాయి, ఎండా ఉంటుంది.

తొలకరి గారూ, మొహాలు కాదు, ఎండ తగలని చోట, భుజం కింద చెయ్యి లోపలివైపు పోల్చి చూడండి.

తొలకరి: ఇప్పుడే కిటికీ దగ్గర నిలబడి చూసుకున్నాం. అక్కడా తేడా ఉంది, కానీ మొహంలో ఉన్నంత లేదు.

పాలపిట్ట: అయితే నా ఎండ మాట పూర్తిగా తప్పు కాదన్నమాట. ఎంత వాటా అన్నదే తేలాలి.