పది అయ్యాక మెకానికల్ డిప్లొమానా, ఎంపీసీనా?

గాజువాక కుర్రాడు: పాలిసెట్ ర్యాంకుకి కంచరపాలెం గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ వచ్చేలా ఉంది. బండి ఇంజన్లు విప్పడం నాకు సరదా. లెక్కలు ఓ మోస్తరు. నాన్న ఫిట్టర్. 'ఎంపీసీ చదివి బీటెక్ చెయ్యి, నాలా స్పానర్ పట్టొద్దు' అంటున్నారు. ఏం చెయ్యను?

మధురవాడ శ్రీను: డిప్లొమా తీసుకో తమ్ముడూ. మూడేళ్లు అది, ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడు. మొత్తం ఆరేళ్లే, ఇంటర్ దారిలోనూ ఆరేళ్లే. పోయేదేం లేదు.

సీతమ్మధార అమ్మ: మా పాప బైపీసీ. కాలేజీలో రాత్రి దాకా స్టడీ అవర్లు, పిల్ల చిక్కిపోయింది. హాస్టల్ మాత్రం వద్దు బాబూ.

పాత డిప్లొమా: అమ్మా, అతను హాస్టల్ సంగతి అడగలేదు కదా. శ్రీను చెప్పిన ఏళ్ల లెక్క సరే, పోయేదేం లేదన్నది మాత్రం సగమే నిజం. ఈసెట్ 200 మార్కుల్లో 50 లెక్కలవే. పైగా బీటెక్ రెండో ఏడులో చేరేవాళ్లు మొదటి ఏడాది లెక్కలు తరగతిలో వినకుండానే ముందుకెళ్తారు. మా బ్యాచ్‌లో చాలామంది తడబడింది అక్కడే.

కాబట్టి తమ్ముడూ, లెక్కలు తప్పించుకోడానికైతే డిప్లొమాకి రాకు. మొదటి ఏడాదిలోనే మాత్రికలు, త్రికోణమితి, పాక్షిక భిన్నాలు ఉంటాయి. సీనియర్ దగ్గర ఆ పుస్తకం, డ్రాయింగ్ పుస్తకం తెచ్చుకో. వారం రోజులు మాత్రికల అధ్యాయం నువ్వే చెయ్యి. ఉదాహరణ చూశాక తర్వాతి లెక్క సొంతంగా పడుతోందా? ఒక దిమ్మ బొమ్మ చూసి, దాని ముందు వైపు, పై వైపు, పక్క వైపు ఎలా ఉంటాయో గీయగలుగుతున్నావా? ఇంజను విప్పడం సరదా కావచ్చు, మెకానికల్‌లో మాత్రం ఈ గీతలూ చాలా అవసరం.

సీతమ్మధార అమ్మ: అవన్నీ వచ్చినా, పదిహేనేళ్లకే బ్రాంచి తేల్చెయ్యడం తొందర కాదా? ఇంటర్ చదివితే రెండేళ్ల తర్వాత కంప్యూటర్స్‌కి మారొచ్చు. మెకానికల్ డిప్లొమా వాడికి ఈసెట్‌లోనూ దాదాపు మెకానికలే దారి.

పాత డిప్లొమా: అది ఒప్పుకుంటాను. డిప్లొమాకి అసలు ఖరీదు అదే. బదులుగా దొరికేదీ ఉంది: బీటెక్ కుదరకపోయినా రైల్వే జూనియర్ ఇంజనీర్ పరీక్షకి డిప్లొమా చాలు, ఉత్త ఇంటర్ చాలదు. మీ నాన్నగారి భయం స్పానర్ గురించైతే ఈ తేడా చెప్పి చూడు.

గాజువాక కుర్రాడు: చెప్పాను అన్నా. 'పరీక్ష రాయొచ్చు సరే, పోస్టు ఎవడిస్తాడు?' అన్నారు.

పాత డిప్లొమా: ఆ మాటకి నా దగ్గరా జవాబు లేదు. ప్రైవేటు ప్లాంట్లలో మొదట ట్రైనీగానో, కాంట్రాక్టు మీదో తీసుకునేవే ఎక్కువ. సీటు కౌన్సెలింగ్ లోపు ఆ మాత్రికలు చేసి చూసి, ఎలా వచ్చిందో ఇక్కడ రాయి.