ఒక్కో ఆర్డర్‌కు లాభం లెక్క: ఫిఫోనా, సగటు ధరా?

చిత్తూరు_చింతపండు: మాది చిత్తూరులో చింతపండు వ్యాపారం. కరిపులి మొదట 100 కిలోలు 120 చొప్పున, తర్వాత ఇంకో 100 కిలోలు 150 చొప్పున కొన్నాను. రెండూ గోడౌన్‌కు వచ్చాకే అమ్మకం మొదలుపెట్టాను. 60 కిలోల ఆర్డర్లు రెండు, కిలో 165కి పోయాయి. ఒక్కోదాంట్లో ఎంత మిగిలిందో ఏ పద్ధతిలో చూడాలి? ప్యాకింగ్, ఆన్‌లైన్ కమిషన్ కూడా ఇందులోనే కలపాలా?

గోడౌన్_మూర్తి: ఇందులో అడగడానికేముంది? పాత సరుకు ముందు పంపకపోతే నల్లబడుతుంది. కాబట్టి ఫిఫోనే.

పద్దుల_రమణి: మూర్తిగారూ, గోడౌన్‌లోంచి ఏ బస్తా ముందు బయటికి పోయిందన్నది వేరు, పుస్తకంలో ఏ ధర తీశామన్నది వేరు. పాత బస్తాలే ముందు పంపుతూ సగటు ధర రాసుకోవచ్చు.

అన్నా, మీ లెక్కే చూడండి. ఒక్కో ఆర్డర్ అమ్మకం 9,900. ఫిఫోలో మొదటి ఆర్డర్ 60 కిలోలూ 120వే, ఖరీదు 7,200, లాభం 2,700. రెండోదాంట్లో 40 కిలోలు 120వి, 20 కిలోలు 150వి, ఖరీదు 7,800, లాభం 2,100. సగటులో కిలో 135, రెండు ఆర్డర్లకూ లాభం 1,800 చొప్పున. మొత్తం మీద 1,200 తేడా. అది ఎక్కడికీ పోలేదు, మిగిలిన 80 కిలోల స్టాకు విలువలో ఉంది: ఫిఫోలో 12,000, సగటులో 10,800.

తిరుపతి_ఇత్తడి: అయితే రేట్లు పెరిగే ఏడాది సగటు పెట్టుకుంటే లాభం తక్కువ కనిపిస్తుంది, పన్ను తగ్గుతుంది. తగ్గే ఏడాది ఫిఫోకి మారితే సరి.

పద్దుల_రమణి: మొదటి మాట నిజమే. రెండోది కుదరదండీ. ఏటా మనకు అనుకూలమైనది ఎంచుకోవడానికి వీల్లేదు, ఒకటి పట్టుకుంటే దానిమీదే ఉండాలి. పైగా ఈ ఏడాది చివరి స్టాకు విలువే వచ్చే ఏడాది మొదటి స్టాకు. ఇక్కడ తగ్గిన లాభం అక్కడ తేలుతుంది. ఆ 80 కిలోలు కూడా 165కే పోతే ఫిఫోలో 1,200, సగటులో 2,400 మిగులుతుంది. మూడూ కలిపితే ఎలా చూసినా 6,000.

గోడౌన్_మూర్తి: ముప్పై ఏళ్లుగా సరుకు ముట్టుకుని వ్యాపారం చేస్తున్నాను. పాతదీ కొత్తదీ ఒకే ధరకు పోతాయని ఎవరు చెప్పారు? ఎర్రగా ఉన్న కొత్త పండు అడిగేవాడికి పాతది పంపితే వెనక్కి కొడతాడు. మీ 135 కాగితం మీదే.

పద్దుల_రమణి: కాగితం అని తీసిపారేయకండి. మీరన్నదాంట్లో అసలు విషయం ఉంది. పాత పండు, కొత్త పండు కొనేవాడి కంటికి వేరైతే అవి రెండు సరుకులు. కరిపులినీ ఫ్లవర్‌నీ కలిపి సగటు వేయం కదా? అలాగే వాటినీ వేరే ఐటమ్‌లుగా తెరవాలి. ఆ తర్వాతే ఫిఫోనా సగటా అన్న ప్రశ్న.

గోడౌన్_మూర్తి: అదే నేను మొదట చెప్పింది!

తిరుపతి_ఇత్తడి: మీరు మొదట చెప్పింది నల్లబడటం గురించి సామీ. మాట మార్చకండి.

గోడౌన్_మూర్తి: కుందులు అమ్మేవాళ్లకు చింతపండు గురించి ఏం తెలుసు?

కాళహస్తి_కలంకారీ: గొడవ ఆపండయ్యా. మా దగ్గర చేత్తో వేసిన చీరలు, ఏ రెండూ ఒకటి కావు. దీనికి ఏ పద్ధతి?

పద్దుల_రమణి: మీకు రెండూ వద్దక్కా. ఏ చీర అమ్మితే దానికైన ఖర్చే ఆ ఆర్డర్‌కు రాయండి. చీరకో నంబరు కట్టండి.

పుంగనూరు_సురేష్: నా బాధ వేరే. టాలీలో నిన్న చూసిన లాభం ఇవాళ వేరుగా ఉంది. ఆర్డర్ ముట్టుకోలేదు. లారీ బాడుగ బిల్లు ఆలస్యంగా వస్తే పాత తేదీతో ఎక్కించాను, అంతే.

పద్దుల_రమణి: బాడుగ సరుకు ఖరీదులో కలిసింది, అందుకే మారింది. పై లెక్కలోనే రెండో లాటుకు 600 బాడుగ వచ్చిందనుకోండి. సగటు కిలోకు 3 పెరుగుతుంది, రెండు ఆర్డర్లలోనూ 180 చొప్పున తగ్గుతుంది. ఫిఫోలో మొదటి ఆర్డర్ కదలదు, రెండోదాంట్లో 20 కిలోలకు 120 తగ్గుతుంది. కొనుగోలు ఎక్కించకముందే అమ్మకం బిల్లు కొట్టి స్టాకు మైనస్‌లోకి పోతే అప్పుడు ఏ పద్ధతిలోనూ ఆ అంకె నమ్మకండి. ఐటమ్‌లో Costing Method ఏముందో కూడా చూసుకోండి.

చిత్తూరు_చింతపండు: నాకు కావలసింది వచ్చే ఆర్డర్‌కు ఏ ధర చెప్పాలో. ఫిఫో 2,700 చూపిస్తే తగ్గించి ఇవ్వొచ్చనిపిస్తోంది.

తిరుపతి_ఇత్తడి: తగ్గించకండన్నా. మళ్లీ కొనాలంటే ఇప్పుడు 150. 165కి అమ్మితే చేతికి 15 మిగులుతుంది, అందులోంచే ప్యాకింగ్, కమిషన్ పోవాలి. ఇత్తడి రేటు పెరిగినప్పుడు మేము కొటేషన్ ఇవాళ్టి రేటుకే ఇస్తాం. పుస్తకంలో ఏది రాసినా సరే.

గోడౌన్_మూర్తి: ఈ ఒక్క మాటా ఒప్పుకుంటాను. కానీ పాత గిరాకీకి అలా చెప్తే పక్క కొట్టుకు పోతాడు. దానికేం చేస్తారు?

పుంగనూరు_సురేష్: వెనక్కొచ్చిన సరుకు ఏ ధరకు తీసుకోవాలో కూడా ఎవరైనా చెప్పండి. పోయినప్పుడు 120, ఇప్పుడు 150.

పద్దుల_రమణి: పోయిన ధరకే. 150కి తీసుకుంటే కిలోకు 30 లేని లాభం పుడుతుంది.